మెషీన్‌తో పాటు రెండేళ్ల సర్వీసు ఫ్రీ: బిల్లులో ఒకే ధర ఉంటే దాన్ని ఎలా విడగొట్టాలి?

బెజవాడ_అకౌంట్స్ · 7 ఏప్రిల్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బియ్యంలోంచి రంగు మారిన గింజలు ఏరే కలర్ సార్టర్లను రైస్ మిల్లులకు అమ్మే కంపెనీలో నేను అకౌంట్స్ చూస్తాను. కంపెనీ చిన్నదే కానీ మా హోల్డింగ్ కంపెనీ లిస్టెడ్, అందుకని మాకు ఇండ్ ఏఎస్ అకౌంటింగ్ స్టాండర్డ్‌లు వర్తిస్తాయి.

ఈ జనవరి నుంచి మా సేల్స్ వాళ్లు కొత్త ఆఫర్ పెట్టారు. సార్టర్ ధర 22,50,000 (జీఎస్టీ కాకుండా). ఒక సంవత్సరం వారంటీ మామూలే. ఆ తర్వాత రెండేళ్లు ఏఎంసీ, అంటే వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్ట్, ఉచితం. బిల్లులో మెషీన్ ఒక్కటే లైను, 22,50,000. ఏఎంసీ కింద "ఫ్రీ" అని రాసి ఉంటుంది, దానికి విలువ లేదు. మా ప్రైస్ లిస్టులో ఏఎంసీ ఏడాదికి 1,25,000.

జనవరి నుంచి మార్చి వరకు ఇలా 14 మెషీన్లు వెళ్లాయి. నేను 14 బిల్లుల మొత్తాన్నీ అమ్మకంగా బుక్ చేశాను. ఇప్పుడు ఆడిటర్ వచ్చి ఇందులో కొంత డిఫర్ చేయాలి, అంటే తర్వాతి ఏళ్ల ఆదాయంగా పక్కన పెట్టాలి అంటున్నారు. సేల్స్ మేనేజర్‌ గారేమో "ఫ్రీగా ఇచ్చినదానికి ధర ఏంటి, నా టార్గెట్‌లోంచి ఎందుకు తీస్తారు" అని గట్టిగా అడుగుతున్నారు. ఇద్దరికీ మధ్యలో నేను ఉన్నాను, 15లోపు లెక్కలు ముగించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే దయచేసి చెప్పండి.

---

పాతఖాతా · 7 ఏప్రిల్ 2025, రాత్రి 10:15

అమ్మా, నేను ముప్పై ఏళ్లుగా మెషినరీ లైన్లో ఖాతాలు రాస్తున్నాను. ఇంత కంగారు అక్కర్లేదు. సర్వీసు ఉచితం అన్నారు కాబట్టి అది మీకు ఖర్చే, ఆదాయం కాదు. రెండేళ్లలో మెకానిక్ జీతం, పెట్రోలు, బస ఎంతవుతుందో లెక్క వేసి ఇప్పుడే ప్రొవిజన్ పెట్టండి. మెషీన్‌కు ఎనభై వేలు అనుకుంటే 14 మెషీన్లకు 11,20,000. అమ్మకం పూర్తిగా చూపించండి. మా ఫర్మ్‌లో ఎప్పుడూ ఇలాగే చేశాం, ఏ ఆడిటరూ అడ్డు చెప్పలేదు.

---

ఆర్టికల్_రెండోఏడు · 7 ఏప్రిల్ 2025, రాత్రి 10:52

నేను సీఏ ఇంటర్ పాసై ఆర్టికల్‌షిప్‌లో ఉన్నాను. నాకు తెలిసి ఇది సులువే. ఏఎంసీ విలువ తెలుసు కదా, రెండేళ్లకు 2,50,000. దాన్ని మొత్తంలోంచి తీసేస్తే మెషీన్‌కు 20,00,000 మిగులుతుంది. మెషీన్ అమ్మకం 20 లక్షలు, డిఫర్ చేసేది రెండున్నర లక్షలు. దీన్నే రెసిడ్యువల్ పద్ధతి అంటారు, స్టాండర్డ్‌లోనే ఉంది.

---

కృష్ణాతీరం · 7 ఏప్రిల్ 2025, రాత్రి 11:30

బెజవాడ గారూ, మీ ఆడిటర్ చెప్పింది సరైనదే. నేను ఆడిట్‌లో ఉన్నాను, మెడికల్ ఎక్విప్‌మెంట్, లిఫ్టులు, జనరేటర్లు అమ్మేవాళ్ల ఫైళ్లలో ఇదే సమస్య చాలాసార్లు చూశాను.

ముందు "ఫ్రీ" అనే మాట సంగతి. మిల్లు యజమాని 22,50,000 ఇచ్చి ఏం కొన్నాడు? మెషీన్ కొన్నాడు, దాంతో పాటు రెండేళ్లు మీ ఇంజనీర్ వస్తాడన్న హామీ కూడా కొన్నాడు. మీరు బిల్లులో దేని పక్కన సున్నా వేశారన్నది లెక్కలోకి రాదు. ఆదాయం ఎప్పుడు, ఎంత చూపాలో చెప్పే స్టాండర్డ్ ఇండ్ ఏఎస్ 115. దానికి మూలమైన అంతర్జాతీయ స్టాండర్డ్ తయారైనప్పుడు ఇదే వాదన జరిగింది. కార్ల కంపెనీలు ఇచ్చే ఉచిత మెయింటెనెన్స్, టెలికాం కంపెనీలు ఇచ్చే ఉచిత ఫోన్ మార్కెటింగ్ ఖర్చుగా పోవాలని కొందరు గట్టిగా కోరారు. బోర్డు ఒప్పుకోలేదు. కస్టమర్‌కు మాట ఇచ్చారంటే దానికి ధరలో వాటా ఉంటుంది.

పాతఖాతా గారూ, మీరు చెప్పినది మీ ఫర్మ్‌కు జరిగిపోయి ఉండొచ్చు, ఎందుకంటే పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌కు ఇండ్ ఏఎస్ 115 లేదు. కానీ ఇక్కడ తేడా పేరులో మాత్రమే లేదు. మీ పద్ధతిలో సర్వీసు మీద వచ్చే లాభం కూడా మెషీన్ అమ్మిన రోజే పుస్తకాల్లోకి వచ్చేస్తుంది. లక్ష రూపాయల సర్వీసుకు నలభై వేలు ఖర్చయితే, మిగతా అరవై వేలు ఇంజనీర్ మిల్లులో అడుగు పెట్టకముందే లాభం అయిపోతుంది. అందుకే ఖర్చుకు ప్రొవిజన్ కాకుండా అమ్మకం ధరనే పక్కన పెట్టమంటారు.

ఆర్టికల్ గారూ, రెసిడ్యువల్ పద్ధతి స్టాండర్డ్‌లో ఉన్న మాట నిజమే, పేరా 79 చూడండి. కానీ ఒక వస్తువును ఒక్కొక్కరికి ఒక్కో ధరకు అమ్ముతూ దాని ధర ఇంత అని చెప్పలేనప్పుడు, లేదా అది ఇంతవరకు విడిగా అమ్ముడుపోక ధరే స్థిరపడనప్పుడు మాత్రమే దాన్ని వాడాలి. మీరు చేసిన లెక్కలో డిస్కౌంట్ మొత్తం మెషీన్ మీద పడింది. మెషీన్‌కు విడి ధర ఉంటే అలా చేయకూడదు, డిస్కౌంట్ రెండిటి మీదా వాటి నిష్పత్తిలో పడాలి.

ఇక అంకెలు వేసే ముందు నాకు మూడు సంగతులు కావాలి.

ఏఎంసీ లేకుండా ఉత్త మెషీన్‌ను మీరు ఎవరికైనా అమ్మారా? ఎంతకు? అందరికీ ఏఎంసీతోనే ఇస్తుంటే 22,50,000 అనేది మెషీన్ ధర కాదు, రెండూ కలిపిన ధర.

ఏఎంసీ 1,25,000 అన్నది ప్రైస్ లిస్టు మాట. వారంటీ అయిపోయిన పాత కస్టమర్లు నిజంగా ఎంత కట్టి రెన్యూ చేసుకుంటున్నారు?

వారంటీ ఏడాదిలో మీ ఇంజనీర్ మెషీన్ చెడిపోతేనే వెళ్తాడా, లేక చెడిపోకపోయినా వెళ్తాడా?

మూడోదానికి జవాబు చాలా ముఖ్యం, ఎక్కువమంది దాన్ని వదిలేస్తారు.

---

మిర్యాలగూడ_మిల్లు · 8 ఏప్రిల్ 2025, ఉదయం 6:20

మాకు మిల్లు ఉంది, మేం కొనేవాళ్లం. మీరు చెప్పేవన్నీ అమ్మేవాళ్ల వైపు నుంచి ఉన్నాయి. మేం సార్టర్ కొన్నప్పుడు కూడా మూడేళ్లు ఫ్రీ సర్వీస్ అని రాసిచ్చారు. మొదటి ఏడాది బాగానే వచ్చారు. రెండో ఏడాది నవంబర్లో మిల్లు ఫుల్లుగా నడుస్తుంటే ఎజెక్టర్లు పట్టేసి నల్ల గింజలు బియ్యంలోకి వస్తున్నాయి. పది రోజులు ఫోన్ చేస్తే ఒక్కరూ రాలేదు. చివరికి బయట మెకానిక్‌ను పిలిచి 18,000 ఇచ్చాం. ఏ కంపెనీ అన్నది ఇక్కడ రాయను.

నాకు తెలియాల్సింది ఇది. మేం మొత్తం బిల్లు మెషినరీ ఖాతాలో వేసి తరుగుదల తీసుకుంటున్నాం. సర్వీసు వాటా వేరుగా తీయాలా? మా ఇన్‌పుట్ క్రెడిట్ ఏమైనా తగ్గుతుందా?

---

గుంటూరు_జీఎస్టీ · 8 ఏప్రిల్ 2025, ఉదయం 8:05

మిల్లు అన్నా, క్రెడిట్ గురించి భయం వద్దు. ఈ విభజన వల్ల మీ క్రెడిట్ తగ్గదు. వాళ్లు వాళ్ల పుస్తకాల్లో అమ్మకాన్ని రెండు ముక్కలు చేసుకున్నా, మూడు ముక్కలు చేసుకున్నా మీ బిల్లు మారదు.

బెజవాడ గారూ, మీకూ అదే మాట. దయచేసి ఈ లెక్క చూసి బిల్లు ఫార్మాట్ మార్చకండి. పోయిన ఏడాది ఒక క్లయింట్ అకౌంట్స్‌లో డిఫర్ చేశాం కదా అని ఆ మేరకు జీఎస్టీ కూడా ఆపేశారు, తర్వాత వడ్డీతో కట్టుకున్నారు. బిల్లు ఇచ్చేశారు, డబ్బు తీసుకున్నారు, కాబట్టి 22,50,000 మీదా పన్ను ఆ నెలలోనే కట్టాలి. పుస్తకాల్లో టర్నోవర్ తక్కువగా, రిటర్న్‌లో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ తేడాకు మెషీన్ వారీగా ఒక పట్టిక పెట్టుకోండి, పుస్తకాలను రిటర్న్‌తో సరిచూసే జీఎస్టీఆర్-9సీ చేసేటప్పుడు అడుగుతారు.

---

కృష్ణాతీరం · 8 ఏప్రిల్ 2025, ఉదయం 9:10

మిల్లు గారూ, మీ అనుభవం విని బాధగా ఉంది. సీజన్లో పది రోజులంటే చిన్న మాట కాదు. మీ ఖాతా సంగతి: న్యాయంగా చూస్తే సర్వీసు వాటా మెషీన్ ఖరీదులో భాగం కాదు, అది ముందుగా కట్టిన ఖర్చు. కానీ మీ చేతిలో ఉన్న బిల్లులో విలువ విడిగా లేదు. ఏఎంసీ ధర కొటేషన్‌లో ఉంటే దాని ఆధారంగా విడదీయవచ్చు, మీ ఆడిటర్‌తో మాట్లాడండి.

మీరు చెప్పినది బెజవాడ గారి ప్రశ్నకు కూడా పనికొస్తుంది. ఆ రెండో ఏడాది మీ దగ్గరికి ఎవరూ రాకపోయినా ఆ కంపెనీ నెలనెలా సర్వీసు ఆదాయం బుక్ చేసుకుని ఉంటుంది. అది సరైనదేనా అన్న దగ్గరికి తర్వాత వద్దాం.

---

బెజవాడ_అకౌంట్స్ · 8 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:25

అందరికీ ధన్యవాదాలు. కృష్ణాతీరం గారూ, పొద్దుట్నుంచి సర్వీస్ డిపార్ట్‌మెంట్‌లో కూర్చుని మూడూ వెతికాను.

ఉత్త మెషీన్: ఛత్తీస్‌గఢ్‌లో మాకు సర్వీస్ ఇంజనీర్ లేడు. అందుకని అక్కడి మిల్లులకు ఏఎంసీ లేకుండా, వారంటీతోనే అమ్ముతాం. వారంటీలో చెడిపోయిన పార్టు పంపిస్తాం, లేదా ఇక్కడి నుంచి మనిషిని పంపిస్తాం. గత ఏడాది 9 మెషీన్లు వెళ్లాయి, అన్నీ 22,50,000కే.

ఏఎంసీ: లిస్టులో 1,25,000 ఉన్నా ఆ ధర కట్టినవాళ్లు ఇద్దరే. గత ఏడాది రెన్యువల్స్ 26. దాదాపు అన్నీ 95,000 నుంచి 1,05,000 మధ్యలో ఉన్నాయి. ఎక్కువమంది లక్ష కట్టారు.

వారంటీ ఏడాది: నేనిది అసలు ఆలోచించలేదు. ఆఫర్ కింద వారంటీ ఏడాదిలో కూడా మూడు నెలలకోసారి ఇంజనీర్ వెళ్తాడు. మెషీన్ బాగున్నా వెళ్తాడు. అద్దాలు తుడిచి, ఎజెక్టర్లు ఒక్కొక్కటి టెస్ట్ చేసి, కెమెరా కాలిబ్రేషన్ చూసి, కంప్రెసర్ గాలిలో తేమ ఉందేమో చూసి వస్తాడు. మొత్తం 4 విజిట్లు. ఛత్తీస్‌గఢ్ వాళ్లకు ఈ విజిట్లు లేవు. ఏఎంసీ లేని పాత కస్టమర్ పిలిస్తే ఇలాంటి విజిట్‌కు 12,500 తీసుకుంటాం.

---

ఆర్టికల్_రెండోఏడు · 8 ఏప్రిల్ 2025, మధ్యాహ్నం 3:50

మేడమ్, వారంటీని విడిగా తీయరు కదా? వారంటీకి ఇండ్ ఏఎస్ 37 కింద ప్రొవిజన్ అని చదివాను.

---

కృష్ణాతీరం · 8 ఏప్రిల్ 2025, రాత్రి 8:45

ఆర్టికల్ గారూ, వారంటీ అని పేరు పెట్టిన ప్రతిదీ ప్రొవిజన్‌లోకి పోదు. అమ్మిన మెషీన్ చెప్పినట్టు పనిచేస్తుందన్న భరోసా వరకు ప్రొవిజనే. ఎజెక్టర్ తయారీ లోపంతో పోతే మార్చి ఇవ్వడం ఆ భరోసా కిందికి వస్తుంది. మెషీన్ బాగున్నా మూడు నెలలకోసారి వెళ్లి శుభ్రం చేసి రావడం లోపాన్ని సరిచేయడం కాదు, అది పని చేసి పెట్టడం. అదే పనికి బయటివాళ్ల దగ్గర 12,500 తీసుకుంటున్నారు కూడా. కాబట్టి ఆ నాలుగు విజిట్లు విడి సర్వీసు. స్టాండర్డ్ చివర్లో ఉండే బి28 నుంచి బి33 వరకు ఒకసారి చదవండి.

బెజవాడ గారూ, ఇప్పుడు లెక్క వేయొచ్చు. మీరు అమ్మినవి రెండు కాదు, మూడు. మెషీన్ విడి ధర 22,50,000. మొదటి ఏడాది నాలుగు విజిట్లు, 12,500 చొప్పున 50,000. తర్వాతి రెండేళ్ల ఏఎంసీ, లక్ష చొప్పున 2,00,000. మూడూ విడివిడిగా కొంటే కస్టమర్‌కు 25,00,000 అయ్యేది. మీరు 22,50,000 తీసుకున్నారు, అంటే ప్రతి రూపాయికి తొంభై పైసలు. ఆ తొంభై శాతం మూడిటికీ సమానంగా వర్తిస్తుంది:

మెషీన్ 20,25,000
మొదటి ఏడాది విజిట్లు 45,000
రెండేళ్ల ఏఎంసీ 1,80,000

మొత్తం 22,50,000. లిస్టు ధర 1,25,000 పట్టుకుని ఉంటే ఏఎంసీ వాటా పెరిగిపోయేది. ఎవరూ కట్టని ధర సాక్ష్యం కాదు.

జనవరి 1న బిగించిన ఒక మెషీన్ తీసుకుందాం. వారంటీ 2025 డిసెంబర్ 31 వరకు, ఏఎంసీ 2026 జనవరి 1 నుంచి 2027 డిసెంబర్ 31 వరకు. మొదటి విజిట్ మార్చి చివర్లో అయిపోయిందనుకుందాం. 2025 మార్చి 31తో ముగిసిన ఏడాదికి మెషీన్ 20,25,000, ఒక విజిట్‌కు 11,250. మిగిలిన 2,13,750 ఇంకా చేయాల్సిన సర్వీసు కింద, కాంట్రాక్ట్ లయబిలిటీ ఖాతాలో ఉంటుంది. మరుసటి ఏడాది మూడు విజిట్లకు 33,750, దానితో పాటు ఏఎంసీ మొదలైన మూడు నెలలకు నెలకు 7,500 చొప్పున 22,500. 2026-27లో ఏఎంసీ 90,000. చివరి తొమ్మిది నెలలకు 67,500. అక్కడితో ఆ ఖాతా సున్నా అవుతుంది. ఇలా ఒక్కో మెషీన్‌కు ఒక్కో వరుస పెట్టి షీట్ చేయండి, బిగించిన తేదీ కాలమ్ తప్పకుండా ఉండాలి.

---

బెజవాడ_అకౌంట్స్ · 8 ఏప్రిల్ 2025, రాత్రి 9:20

మొదటిసారి పూర్తిగా అర్థమైంది, చాలా థాంక్స్ అండీ. 14 మెషీన్లకు 31,50,000 డిఫర్ అయి, అందులోంచి అయిపోయిన విజిట్లు తీయాలి. నా రిజిస్టర్ ప్రకారం మార్చి 31లోపు 5 విజిట్లు అయ్యాయి, అంటే 56,250. మిగిలేది 30,93,750.

ఒక సందేహం. వచ్చే ఏడాది నుంచి ఏఎంసీ రేటు పెంచుతామంటున్నారు. అప్పుడు ఈ 14 మెషీన్లకు వాటాలు మళ్లీ వేయాలా?

---

కృష్ణాతీరం · 8 ఏప్రిల్ 2025, రాత్రి 9:35

వద్దు. కాంట్రాక్ట్ కుదిరిన రోజు ధరలే చివరి దాకా. పేరా 88లో స్పష్టంగా ఉంది. కొత్త రేటు వచ్చాక అమ్మే మెషీన్లకు కొత్త నిష్పత్తి వేసుకోండి.

---

పాతఖాతా · 9 ఏప్రిల్ 2025, ఉదయం 7:30

నేను రాత్రి ఇదంతా రెండుసార్లు చదివాను. లాభం ముందే వచ్చేస్తుందన్న మాట ఒప్పుకుంటున్నాను, అది నాకు తట్టలేదు.

అయితే నెలకు 7,500 అన్నది మాత్రం నాకు మింగుడు పడటం లేదు. రైస్ మిల్లు నెలనెలా ఒకేలా నడవదు. ఖరీఫ్ వడ్లు వచ్చాక నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రింబగళ్లు నడుస్తుంది. మళ్లీ రబీ పంటకు ఏప్రిల్, మేలో కాస్త నడుస్తుంది. ఆగస్టు, సెప్టెంబర్లో చాలా మిల్లుల్లో మెషీన్ ఆన్ చేసేవాడే ఉండడు. కాల్స్ అన్నీ సీజన్లోనే వస్తాయి, మా మెకానిక్‌లను సీజన్లో ఇంటికి పంపేవాళ్లం కాదు. అలాంటప్పుడు ఆగస్టుకూ, డిసెంబర్‌కూ ఒకే ఆదాయం ఎలా రాస్తారు?

---

మిర్యాలగూడ_మిల్లు · 9 ఏప్రిల్ 2025, ఉదయం 7:55

పెద్దాయన చెప్పింది నూటికి నూరు నిజం. మాకు సర్వీసు కావాల్సింది ఆ నాలుగు నెలలే. సెప్టెంబర్లో వచ్చి మెషీన్ తుడిచిపోతే మాకు ఒరిగేదేం లేదు. సీజన్‌కు ముందు అక్టోబర్లో ఒకసారి గట్టిగా సర్వీస్ చేసి, తర్వాత ఫోన్ చేస్తే రెండు గంటల్లో వస్తే చాలు.

---

ఆర్టికల్_రెండోఏడు · 9 ఏప్రిల్ 2025, ఉదయం 10:10

కానీ ఏఎంసీలో బ్రేక్‌డౌన్ కాల్స్‌కు లెక్క లేదు, ఎన్నిసార్లైనా రావాలి కదా? అలాంటిదాన్ని స్టాండ్-రెడీ అంటారు. పిలుపు ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉండటమే సర్వీసు. కాబట్టి పిలిచినా పిలవకపోయినా నెలనెలా సమానంగా రావాలని మా సర్ చెప్పారు.

---

కృష్ణాతీరం · 9 ఏప్రిల్ 2025, రాత్రి 9:50

ఇప్పుడు మాట్లాడుతున్నది ఈ సమస్యలో నిజంగా కష్టమైన భాగం. ఆర్టికల్ గారి సర్ చెప్పింది మామూలుగా సరిపోతుంది. మొదటి ఏడాది నాలుగు విజిట్లను విజిట్‌కింత అని తీసుకోవడానికీ, ఏఎంసీని కాలం మీద పరవడానికీ కారణం అదే. అక్కడ లెక్క కట్టిన పనులున్నాయి, ఇక్కడ ఎన్నిసార్లు పిలిచినా వస్తామన్న హామీ ఉంది.

కానీ స్టాండ్-రెడీ అన్నంత మాత్రాన సమాన వాయిదాలని స్టాండర్డ్ ఎక్కడా చెప్పలేదు. 2015లో అంతర్జాతీయంగా ఈ స్టాండర్డ్ మీద సందేహాలు చూసే బృందం ముందుకు మంచు తొలగించే కాంట్రాక్టు ఉదాహరణ వచ్చింది. ఏడాది మొత్తానికి డబ్బు తీసుకుంటారు, మంచు పడినప్పుడల్లా తీసేస్తారు. ఎన్నిసార్లు పడుతుందో తెలియదు, కాబట్టి స్టాండ్-రెడీ. అయినా ఎండాకాలంలో కస్టమర్‌కు దానివల్ల ప్రయోజనం లేదు, కంపెనీ శ్రమా లేదు. అందుకని పన్నెండు నెలలకు సమానంగా పంచడం తగదన్నారు. పాతఖాతా గారు అడిగింది సరిగ్గా అదే ప్రశ్న.

సార్టర్ విషయంలో నేను అంత దూరం వెళ్లను. మిల్లు ఆగిన నెలల్లో కూడా ప్రివెంటివ్ విజిట్లు ఉన్నాయి, పారాబాయిల్డ్ మిల్లులు కొన్ని ఏడాదంతా నడుస్తాయి. అయితే తేల్చాల్సింది నా అభిప్రాయంతో కాదు, మీ కాల్ రిజిస్టర్‌తో. గత రెండు మూడేళ్ల కాల్స్‌ను నెలవారీగా తీయండి. సగం కంటే బాగా ఎక్కువ కాల్స్ ఆ నాలుగు నెలల్లోనే ఉంటే సమాన వాయిదాను సమర్థించుకోవడం కష్టం.

మిల్లు గారి అనుభవం కూడా ఇక్కడే వస్తుంది. సిద్ధంగా ఉన్నాం అని ఆదాయం రాసుకోవాలంటే నిజంగా సిద్ధంగా ఉండాలి. ఇద్దరు ఇంజనీర్లతో అరవై మెషీన్లు చూస్తూ సీజన్లో పది రోజులు ఫోన్ ఎత్తకపోతే, నెల గడిచింది కాబట్టి 7,500 రాస్తాను అంటే నేను సంతకం పెట్టను. ఏ కాల్ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు మూసేశారు అన్న తేదీలు ఆడిటర్‌కు ఇవ్వండి.

---

గుంటూరు_జీఎస్టీ · 10 ఏప్రిల్ 2025, ఉదయం 8:20

ఒక సంగతి అడగాలి. కస్టమర్ డబ్బు మూడేళ్ల ముందే ఇచ్చేశాడు. దాని మీద వడ్డీ లెక్క వేయాలని ఎక్కడో చదివాను, ఫైనాన్సింగ్ అని. అది వర్తించదా? ఇంకోటి, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కూడా ఇదే విభజన నిలుస్తుందని అనుకోకండి. అక్కడ ఆదాయం లెక్కకు ఐసీడీఎస్ అనే వేరే ప్రమాణాలున్నాయి, కంప్యూటేషన్ విడిగా చూసుకోవాలి.

---

కృష్ణాతీరం · 10 ఏప్రిల్ 2025, ఉదయం 9:00

వడ్డీ ప్రశ్న సరైనదే. సర్వీసు ఏడాది దాటి ఉంది కాబట్టి ఒక సంవత్సరం మినహాయింపు పట్టదు. కానీ ఫైనాన్సింగ్ పెద్దదా కాదా అన్నది మొత్తం కాంట్రాక్ట్‌ను పట్టి చూడాలి. 22,50,000లో ముందుగా వచ్చినది పదో వంతు, దాని మీద రెండు మూడేళ్ల వడ్డీ మొత్తం ధరలో చాలా చిన్న భాగం. నేనైతే వదిలేస్తాను, ఎందుకు వదిలేశామో ఒక పేజీ రాసి ఫైల్లో పెడతాను. మెషీన్ కంటే సర్వీసు వాటా ఎక్కువగా ఉండే కాంట్రాక్టుల్లో ఇలా వదలడం కుదరదు.

ఐసీడీఎస్ గురించి మీరన్నది బెజవాడ గారు తప్పక పట్టించుకోవాలి.

---

బెజవాడ_అకౌంట్స్ · 12 ఏప్రిల్ 2025, సాయంత్రం 6:40

ఈ రోజు ఆడిటర్ వచ్చారు. మూడు భాగాల లెక్క, 9 ఛత్తీస్‌గఢ్ బిల్లులు, 26 రెన్యువల్స్ చూపించాను. విభజన ఒప్పుకున్నారు. మొదటి ఏడాది విజిట్లను నేనే పట్టుకొచ్చానని ఆశ్చర్యపోయారు, అది ఈ చర్చ వల్లే.

ఛత్తీస్‌గఢ్ బిల్లుల మీద మాత్రం ఒక మెలిక వేశారు. అక్కడికి లారీ కిరాయి మేమే పెట్టుకుంటాం, మెషీన్‌కు 38,000 దాకా అవుతుంది. ఇక్కడి కస్టమర్లు కిరాయి వాళ్లే ఇచ్చుకుంటారు. కాబట్టి ఇక్కడి మెషీన్ విడి ధర 22,50,000 కాదు, 22,12,000 అనుకోవాలేమో చూడమన్నారు. అలా చేస్తే శాతం కాస్త మారుతుంది.

సేల్స్ మేనేజర్ గారితో కూడా మాట్లాడాను. ఆయన ఇన్సెంటివ్ బిల్లు విలువ మీదే ఉంటుందని, నేను చేసేది పుస్తకాల వరకేనని చెప్పాక శాంతించారు.

కాల్ రిజిస్టర్ తీశాను. గత మూడేళ్లలో 2022-23ది కాగితాల్లో ఉంది, ఇంకా ఎక్కించాలి. మిగతా రెండేళ్లలో 412 కాల్స్, అందులో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా 231. సుమారు 56 శాతం.

---

పాతఖాతా · 12 ఏప్రిల్ 2025, రాత్రి 8:10

చూశారా. మూడో వంతు నెలల్లో సగం దాటి కాల్స్.

---

కృష్ణాతీరం · 12 ఏప్రిల్ 2025, రాత్రి 10:25

కిరాయి గురించి ఆడిటర్ చెప్పినది ఆలోచించదగిందే. ఆ ధరలో మెషీన్‌తో పాటు రవాణా కూడా ఉంది. 22,12,000 పెడితే మొత్తం 24,62,000, శాతం 91.39 అవుతుంది. డిఫర్ చేసేది 2,25,000 బదులు సుమారు 2,28,473. మెషీన్‌కు మూడున్నర వేల తేడా. 14 మెషీన్లకు యాభై వేలలోపు. వాళ్లు అడిగినట్టే చేసేయండి, దాని కోసం పోట్లాడాల్సిన పని లేదు.

56 శాతం దగ్గర నేను ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఆ కాల్స్‌లో మూడు నెలలకోసారి వెళ్లే విజిట్లు కలిసి ఉన్నాయా, లేక బ్రేక్‌డౌన్లు మాత్రమేనా? విజిట్లు కలిసి ఉంటే, అవి తీసేశాక సీజన్ వాటా ఇంకా పెరుగుతుంది. కాగితాల్లో ఉన్న ఏడాది కూడా ఎక్కించాక చూద్దాం. ఈ మార్చి లెక్కలకు ఇది అడ్డు కాదు, మీ ఏఎంసీలు 2026 జనవరి దాకా మొదలవ్వవు. అప్పటికి తేల్చుకోవచ్చు.

---

బెజవాడ_అకౌంట్స్ · 12 ఏప్రిల్ 2025, రాత్రి 10:50

విజిట్లు కలిసే ఉన్నాయండీ. రిజిస్టర్‌లో రెండిటికీ ఒకే కోడ్ వేస్తున్నారు. సోమవారం నుంచి విడిగా వేయమని సర్వీస్ వాళ్లకు చెప్పాను. పాతవి ఇంజనీర్ల రిపోర్టులు చూసి ఒక్కొక్కటి విడదీస్తాను, అయ్యాక ఇక్కడే అంకెలు పెడతాను.